మూత్రంలో మంట అని వచ్చిన అమ్మాయికి ఏ మందు రాయాలి: నైట్రోఫురాంటోయినా, ఇంకోటా?

ఎండాకాలం ఓపీలో కూర్చుంటే రోజుకి ఇద్దరు ముగ్గురైనా వస్తారు. "వేడి చేసింది మేడమ్, ఒంటికి వెళ్తే మంట, చుక్కలు చుక్కలుగా వస్తోంది" అంటారు. అప్పటికే బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు అయిపోయి ఉంటాయి. మెడికల్ షాపులో రెండు ఆఫ్లోక్సాసిన్ మాత్రలు, ఒక సిరప్ కూడా పడి ఉంటాయి. నా పక్కన కూర్చునే హౌస్ సర్జన్లు చాలామంది చేసేది కూడా అదే, కాకపోతే దానికి చీటీ ఉంటుంది, కింద సంతకం ఉంటుంది. ఇది మీలాంటి కొత్త డాక్టర్ల కోసం రాస్తున్నాను. పాతికేళ్ళ అమ్మాయి, మామూలు మూత్రాశయం ఇన్ఫెక్షన్, ఇంకే జబ్బూ లేదు, అలాంటప్పుడు కలం పట్టుకునే ముందు ఏం అడగాలి, ఏం రాయాలి అన్నంత వరకే. చదివేవాళ్ళు డాక్టర్లు కాకపోతే దీన్ని చూసి మందు కొనుక్కోకండి, ఎందుకు కొనుక్కోకూడదో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ఒక కేసు పట్టుకుని వెళ్దాం. 24 ఏళ్ళ అమ్మాయి, హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి ఉద్యోగం చేస్తుంది, శనివారం ఊరికొచ్చింది. రెండు రోజుల నుంచి మంట, అరగంటకోసారి బాత్రూమ్, వెళ్తే నాలుగు చుక్కలు, పొత్తికడుపు కింద బరువు. నిన్న షాపులో ఇచ్చిన ఆఫ్లోక్సాసిన్ రెండు వేసుకుంది, సిరప్ మూడుసార్లు తాగింది. తగ్గలేదు. అన్నయ్య బండి మీద తీసుకొచ్చాడు, బయట కూర్చున్నాడు.

ముందు: ఇది మూత్రాశయంలోనే ఉందా?

మందు ఎంపికంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నిలబడి ఉంటుంది, ఎందుకంటే నైట్రోఫురాంటోయిన్ రక్తంలోంచి చాలా త్వరగా మూత్రంలోకి వెళ్ళిపోయే మందు. మూత్రంలో బాగా చిక్కగా చేరుతుంది, కిడ్నీ కండలో మాత్రం చాలినంత ఉండదు. అందుకే బ్లాడర్‌లో ఉన్న క్రిమిని చంపుతుంది, కిడ్నీ దాకా పాకినదాన్ని వదిలేస్తుంది. కాబట్టి జ్వరం వచ్చిందా, చలి పుట్టిందా, వాంతులున్నాయా అని అడగండి. అడిగి ఊరుకోకండి, లేచి వెనక్కి వెళ్ళి, ఆఖరి పక్కటెముక కింద వీపు మీద రెండు వైపులా అరచేయి పెట్టి పిడికిలితో మెల్లగా తట్టండి. తట్టగానే ఉలిక్కిపడితే ఈ వ్యాసం ఆ మనిషికి పనికిరాదు.

ఇది నేను ఊరికే చెప్పడం లేదు. చాలా ఏళ్ళ క్రితం, రద్దీగా ఉన్న ఒక సోమవారం, ఒకావిడ "నడుం కూడా కొంచెం లాగుతోంది" అంటే, రోజంతా స్కూటీ మీద తిరుగుతుంది కదా అనుకుని తట్టి చూడకుండానే నైట్రోఫురాంటోయిన్ రాసి పంపించాను. మూడో రోజు రాత్రి 103 జ్వరంతో, వణుకుతూ వచ్చింది. కల్చర్‌లో పెరిగిన ఈ.కోలై ఆ మందుకి సెన్సిటివే. మందు తప్పు లేదు, దాన్ని అది చేరలేని చోటికి పంపించింది నేను. ఇంజెక్షన్లు పెట్టుకుంటే తగ్గింది కానీ, ఆ తట్టడానికి పట్టేది పది సెకన్లు.

ఇంకో ప్రశ్న తెల్లబట్ట గురించి. దురద, వాసన, తెల్లబట్ట ఉంటే మంట మూత్రాశయానిది కాకుండా యోనిదో, లైంగికంగా సోకినదో అయ్యే అవకాశం పెరుగుతుంది. అప్పుడు యాంటీబయాటిక్ ఏదిచ్చినా గురి తప్పినట్టే. మంట ఉంది, మాటిమాటికీ వస్తోంది, తెల్లబట్ట, దురద లేవు అంటే పదిలో తొమ్మిది మందికి అది బ్లాడర్ ఇన్ఫెక్షనే. ఆ మాత్రం నమ్మకం చాలు, పరీక్ష రిపోర్టు కోసం మందు ఆపక్కర్లేదు.

తర్వాత: పక్కనున్నవాళ్ళని బయటికి పంపించి అడిగేవి

నెల ఎప్పుడు వచ్చింది? ఇది అత్తగారి ముందు, అన్నయ్య ముందు అడిగితే వచ్చే జవాబు వేరు, ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని అడిగితే వచ్చే జవాబు వేరు. నెల తప్పి ఉంటే, లేదా లెక్క సరిగ్గా చెప్పలేకపోతే, ముందు మూత్రంతో ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయించండి. ఎలాగూ సీసాలో మూత్రం ఉంది. గర్భం ఉంటే ఇది మామూలు ఇన్ఫెక్షన్ కాదు, కల్చర్ తప్పనిసరి, మందు అయ్యాక మళ్ళీ కల్చర్ చేసి క్రిమి పోయిందో లేదో చూడాలి. మొదటి మూడు నెలల్లో వేరే మందు దొరికితే నైట్రోఫురాంటోయిన్ పక్కన పెడతాం, మధ్య నెలల్లో వాడతాం, 38 వారాలు దాటాక మాత్రం ఇవ్వం. పుట్టబోయే బిడ్డ ఎర్ర రక్తకణాలు దాన్ని తట్టుకోలేవు, పగిలిపోతాయి. అదే కారణం వల్ల నెల లోపు పసిబిడ్డకి పాలిచ్చే తల్లికి కూడా ఇవ్వకండి.

ఎర్ర కణాల మాట వచ్చింది కాబట్టి జీ6పీడీ లోపం గురించి అడగండి. ఆ పేరుతో అడిగితే ఎవరికీ తెలియదు. "మలేరియా మందు వేసుకున్నప్పుడు గానీ, ఇంకేదైనా మందు వేసుకున్నప్పుడు గానీ కళ్ళు పచ్చబడి, మూత్రం నల్లగా వచ్చిందా? మీ అన్నదమ్ములకి ఎవరికైనా అలా అయిందా?" అని అడగండి. అన్నదమ్ముల సంగతి ఎందుకంటే, ఈ లోపం మగవాళ్ళలోనే ఎక్కువగా బయటపడుతుంది. ఏజెన్సీ ప్రాంతాల్లో డ్యూటీ చేసేవాళ్ళు ఈ ప్రశ్న మరిచిపోవద్దు, గిరిజన జనాభాల్లో ఈ లోపం మిగతావాళ్ళకంటే ఎక్కువ. అనుమానముంటే నైట్రోఫురాంటోయిన్ వద్దు.

మూడోది కిడ్నీ. పాతికేళ్ళ ఆరోగ్యవంతురాలికి క్రియాటినిన్ చేయించాల్సిన పనిలేదు. రాళ్ళు, షుగర్, చిన్నప్పటి నుంచి కిడ్నీ జబ్బు లాంటివి చెప్తే మాత్రం చేయించండి, ఈజీఎఫ్ఆర్ 45 కంటే తక్కువుంటే వేరే మందు చూసుకోండి. కిడ్నీ వడకట్టకపోతే మందు మూత్రంలోకి చేరదు, పైగా ఒంట్లో పేరుకుపోయి నరాలని దెబ్బతీస్తుంది. రెండు నష్టాలూ ఒకేసారి.

మన అమ్మాయికి నెల పది రోజుల క్రితం వచ్చింది. మిగతావన్నీ లేవు. వీపు తడితే నొప్పి లేదు, జ్వరం లేదు.

మూత్రం పరీక్ష ఎంతవరకు

మొదటిసారి వచ్చి, ఈ మధ్య యాంటీబయాటిక్స్ ఏవీ వాడని అమ్మాయికి కంప్లీట్ యూరిన్ చాలు, అదీ లేకపోయినా నడుస్తుంది. స్ట్రిప్ ఉంటే ముంచి చూడండి, నైట్రైట్ పాజిటివ్ వస్తే నమ్మొచ్చు. నెగెటివ్ వస్తే లేదని కాదు, అరగంటకోసారి వెళ్ళేవాళ్ళ మూత్రంలో నైట్రైట్ తయారవడానికి టైమ్ ఎక్కడుంటుంది. కల్చర్ ఎప్పుడు పంపాలంటే, గర్భిణి అయితే, గత మూడు నెలల్లో యాంటీబయాటిక్ వాడి ఉంటే, మాటిమాటికీ వస్తుంటే, ఇచ్చిన మందు పనిచేయకపోతే. మన అమ్మాయి ఆఫ్లోక్సాసిన్ రెండు వేసుకునే వచ్చింది కాబట్టి పంపించాం. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టమని నర్సు విడిగా చెప్పాలి, లేకపోతే రిపోర్టులో మూడు నాలుగు రకాల క్రిములు పెరిగాయని వస్తుంది, దాంతో ఏం చేయలేం.

ఇప్పుడు చీటీ

నైట్రోఫురాంటోయిన్ 100 మి.గ్రా., ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులు. మొత్తం పది. పక్కన ఎస్ఆర్ అని తప్పకుండా రాయండి, షాపులో చేతికొచ్చినది నెమ్మదిగా విడుదలయ్యే రకమో కాదో చూడమనండి. మామూలు మాత్ర అయితే రోజుకి నాలుగుసార్లు వేసుకోవాలి, దాన్ని రెండుసార్లే వేసుకుంటే సగం మందే ఒంటికి పడుతుంది. అన్నంతోనో, టిఫిన్‌తోనో వేసుకోమనండి. ఇది కడుపులో తిప్పకుండా ఉండడానికే అనుకుంటారు, నిజానికి కడుపులో తిండి ఉంటే మందు ఎక్కువ ఒంటపడుతుంది కూడా. ఖాళీ కడుపుతో వేసుకుని వాంతి చేసుకుని "నాకు పడలేదు" అని మానేసేవాళ్ళని చాలామందిని చూశాను.

ఈ పాత మందే ఎందుకు అంటే, 1953 నుంచి వాడకంలో ఉన్నా ఈ.కోలై దీనికి పెద్దగా అలవాటు పడలేదు. క్రిమి లోపలి ఎంజైములే ఈ మందుని విరిచి విషంగా మారుస్తాయి, ఆ విషం క్రిమి ప్రోటీన్ల తయారీని, డీఎన్ఏని, ఇంకా చాలా చోట్ల ఒకేసారి దెబ్బ కొడుతుంది. ఒక్క తాళం మారిస్తే తప్పించుకోగలిగే మందు కాదు. పైగా పేగులోని మంచి క్రిముల జోలికి పెద్దగా పోదు. ఆఫ్లోక్సాసిన్ సంగతి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. విరేచనాలకీ, జ్వరానికీ, దగ్గుకీ అదే వాడి వాడి, మన దగ్గర ఈ.కోలైలో చాలా భాగం దాన్ని లెక్కచేయదు. స్నాయువులు, నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి, వేరే మందు ఉన్నప్పుడు మామూలు బ్లాడర్ ఇన్ఫెక్షన్‌కి ఈ జాతి మందులు వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2016లోనే హెచ్చరించింది. ఇక ఆఫ్లోక్సాసిన్‌తో ఆర్నిడజోల్ కలిపిన మాత్ర మూత్రం మంటకి ఎందుకు రాస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు, ఈ.కోలైని ఆర్నిడజోల్ ఏమీ చేయదు.

ఆ సిరప్ సంగతి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంటే ఇది గుర్తుంచుకోండి. మంట అనగానే మనం అలవాటుగా రాసే తియ్యటి సిరప్, డైసోడియం హైడ్రోజన్ సిట్రేట్, మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది. నైట్రోఫురాంటోయిన్‌కి కావాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం, ఆమ్ల మూత్రంలోనే అది బాగా పనిచేస్తుంది, పీహెచ్ పెరిగే కొద్దీ బలం తగ్గుతుంది. ఒకే చీటీ మీద ఈ రెండూ రాయడమంటే ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కోవడమే. అయినా నా దగ్గరికి వచ్చే చీటీల్లో ఎన్నింట్లోనో రెండూ పక్కపక్కనే ఉంటాయి. "సిరప్ ఆపేయమ్మా" అంటే "మంటకి అదే కదా మేడమ్" అంటారు. మంట తగ్గేది క్రిమి చచ్చాక. అప్పటిదాకా పారాసిటమాల్ చాలు. మెగ్నీషియం ట్రైసిలికేట్ ఉన్న గ్యాస్ మందులు కూడా ఈ ఐదు రోజులు వద్దు, అవి మందుని పేగులోనే పట్టేసుకుంటాయి.

నీళ్ళు దాహానికి తగ్గట్టు తాగమనండి. గంటకి లీటరు చొప్పున తాగితే మందు పలచబడడం తప్ప లాభం లేదు.

ఎప్పుడు ఫాస్ఫోమైసిన్, ఎప్పుడు ఇంకోటి

జీ6పీడీ అనుమానం, నెల లోపు పసిబిడ్డ, నైట్రోఫురాంటోయిన్‌తో ఆగని వాంతులు, లేదా ఐదు రోజులు వేసుకోదని మీకు ముఖం చూడగానే తెలిసిపోయిన మనిషి, వీళ్ళకి ఫాస్ఫోమైసిన్. 3 గ్రాముల సాషే ఒక్కటే, ఒక్కసారే. అరగ్లాసు చల్లటి నీళ్ళలో కలిపి వెంటనే తాగాలి, వేడి నీళ్ళు వద్దు. రాత్రి పడుకునే ముందు, తిన్న రెండు మూడు గంటలకి, మూత్రం పోసుకుని వచ్చి తాగితే మందు రాత్రంతా బ్లాడర్‌లో నిలబడుతుంది. ఒక్క డోసే అయినా మూత్రంలో రెండు మూడు రోజులు ఉంటుంది, అందుకే మంట కూడా రెండు మూడు రోజుల్లో తగ్గుతుందని ముందే చెప్పండి. చెప్పకపోతే మర్నాడు మధ్యాహ్నానికి ఫోన్ చేసి "పనిచేయలేదు, ఇంకోటి తాగనా" అంటారు.

అంత సుఖమైన మందు ఉండగా అందరికీ అదే ఇవ్వొచ్చు కదా అంటారా. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో, స్విట్జర్లాండ్, పోలాండ్, ఇజ్రాయెల్‌లలో 513 మంది స్త్రీలని రెండు గుంపులు చేసి చూశారు. నాలుగు వారాలకి నైట్రోఫురాంటోయిన్ ఐదు రోజులు వాడినవాళ్ళలో 70 శాతం మందికి లక్షణాలు పూర్తిగా పోయాయి, ఫాస్ఫోమైసిన్ ఒక్క డోసుతో 58 శాతం మందికి. అక్కడ నైట్రోఫురాంటోయిన్ రోజుకి మూడుసార్లు ఇచ్చారు, మనం రెండుసార్లే ఇస్తాం, ఆ తేడా మనసులో పెట్టుకునే ఈ అంకెలు చదవాలి. అయినా నా మొగ్గు ఎటో చెప్పేశాను. ధర కూడా ఉంది, ఒక్క సాషే ఖర్చు విని వెనక్కి తగ్గేవాళ్ళు చాలామంది.

కోట్రైమోక్సజోల్ పాపం మంచి మందే, డబుల్ స్ట్రెంగ్త్ మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి చొప్పున మూడు రోజుల్లో అయిపోతుంది, చవక. కాకపోతే ఊళ్ళో క్రిముల్లో ఐదో వంతుకి మించి దానికి లొంగకపోతే కల్చర్ చూడకుండా రాయకూడదన్నది లెక్క, మన దగ్గర ఆ గీత ఎప్పుడో దాటిపోయింది. రిపోర్టులో సెన్సిటివ్ అని ఉంటే, సల్ఫా ఎలర్జీ, గర్భం లేవని అడిగి నిశ్చింతగా రాయండి. జీ6పీడీ వాళ్ళకి ఇది కూడా జాగ్రత్తే. సెఫిక్సిమ్ అయితే ఈఎస్‌బీఎల్ తయారుచేసే క్రిములు దాన్ని ముక్కలు చేసి పడేస్తాయి. గర్భిణికి, మిగతావి కుదరనప్పుడు, సెఫలెక్సిన్ లాంటిది కల్చర్ చూసుకుని వాడతాం.

మందు మొదలుపెట్టాక

మన అమ్మాయి రెండో రోజు ఉదయం ఫోన్ చేసింది.

"మేడమ్, ఒంటికి వెళ్తే గోధుమ రంగులో వస్తోంది, రక్తమా?"

"మంట ఎలా ఉంది?"

"సగం తగ్గింది."

"కళ్ళు పచ్చగా ఉన్నాయా? మెట్లెక్కితే ఆయాసం, నీరసం?"

"లేవు మేడమ్."

"అయితే అది మందు రంగేనమ్మా, ఐదు రోజులూ అలాగే వస్తుంది."

ఇది చీటీ రాసేటప్పుడే చెప్పాల్సిన మాట, ఆ రోజు మరిచిపోయాను. కళ్ళు పచ్చబడడం, ముఖం పాలిపోవడం, ఆయాసం ఉంటే మాత్రం ఆ ముదురు రంగు కణాలు పగలడం వల్ల వచ్చింది కావచ్చు, మందు ఆపించి హీమోగ్లోబిన్ చూడాలి. అలాగే మందు మొదలుపెట్టాక కొత్తగా పొడి దగ్గు, జ్వరం, ఊపిరాడకపోవడం వస్తే జలుబనుకోకండి. అరుదే, కానీ ఊపిరితిత్తులు ఈ మందుకి తిరగబడటం అలాగే మొదలవుతుంది. వెంటనే ఆపాలి, ఆ మనిషికి జన్మలో మళ్ళీ ఇవ్వకూడదు, ఆ మాట చీటీ మీద పెద్దక్షరాలతో రాసివ్వండి.

48 గంటలైనా మంట అలాగే ఉంటే కల్చర్ పంపండి, అప్పటికే పంపి ఉంటే ల్యాబ్‌కి ఫోన్ చేయండి. పాత యూరిన్ రిపోర్టులో పీహెచ్ 8 దగ్గర ఉందేమో కూడా చూడండి. సిరప్ తాగకుండానే అంత ఉంటే ప్రోటియస్ అనుమానించాలి, అది పుట్టుకతోనే నైట్రోఫురాంటోయిన్‌కి లొంగదు, దాని వెనక రాయి కూడా దాక్కుని ఉండొచ్చు. తగ్గినట్టే తగ్గి రెండు వారాల్లో తిరగబెడితే కూడా కల్చరే, ఈసారి వేరే మందు ఏడు రోజులు. మధ్యలో జ్వరం, చలి వస్తే నైట్రోఫురాంటోయిన్ పని అక్కడితో అయిపోయింది, కిడ్నీ ఇన్ఫెక్షన్‌గా చూడండి.

మూడో రోజు రిపోర్టు వచ్చింది. అన్నయ్య దాన్ని ఫోన్‌లో పట్టుకుని పరుగున వచ్చాడు. ఈ.కోలై, ఈఎస్‌బీఎల్ పాజిటివ్, ఎర్రక్షరాల్లో. ఆఫ్లోక్సాసిన్ రెసిస్టెంట్, సెఫిక్సిమ్ రెసిస్టెంట్, కోట్రైమోక్సజోల్ రెసిస్టెంట్. సెన్సిటివ్ వరసలో మెరోపెనెమ్, అమికాసిన్, ఫాస్ఫోమైసిన్, నైట్రోఫురాంటోయిన్. "మందులేవీ పనిచేయవంట కదా మేడమ్, అడ్మిట్ చేసి ఇంజెక్షన్లు పెట్టాలని మా ఫ్రెండ్ చెప్పాడు" అన్నాడు, బాగా టెన్షన్‌గా. అమ్మాయి పక్కనే నిలబడి ఉంది, మంట పోయింది, రాత్రి లేవకుండా పడుకుందట. ఈఎస్‌బీఎల్ అంటే సెఫలోస్పోరిన్ల జాతిని విరిచే ఎంజైమ్, నైట్రోఫురాంటోయిన్‌తో దానికి సంబంధం లేదు. బ్లాడర్ వరకే ఉన్న ఇన్ఫెక్షన్‌కి ఆ ఎర్రక్షరాలు చూసి మెరోపెనెమ్ ఎత్తుకోవడం నేను చాలా చోట్ల చూశాను. రిపోర్టు చూసి మనం మార్చింది ఏమీ లేదు. మిగిలిన మాత్రలు పూర్తి చేయమన్నాను, తగ్గిపోయింది కాబట్టి మళ్ళీ కల్చర్ అక్కర్లేదన్నాను.

వెళ్ళేటప్పుడు "మళ్ళీ వస్తే ఇదే చీటీ చూపించి కొనుక్కోవచ్చా మేడమ్" అని అడిగింది. వద్దన్నాను. అప్పటికి నెల తప్పి ఉండొచ్చు, వీపులో నొప్పి ఉండొచ్చు, క్రిమి వేరేది కావొచ్చు. ముందు సీసాలో మూత్రం ఇచ్చి, తర్వాత మాత్ర వేసుకోమని చెప్పి, ఈ రిపోర్టు ఫోన్‌లో దాచుకోమన్నాను, హైదరాబాద్‌లో ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు అది చూపించమని.